పార్టీ పేరు ఏ పేజీలో రాశారు? — మన జిల్లాల్లో ప్లాంట్లున్న కంపెనీల డైరెక్టర్లకు, సెక్రటరీలకు బహిరంగ లేఖ

ఉమ్మడి కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, సోలార్, గాలిమరల ప్రాజెక్టులు నడుపుతున్న లిస్టెడ్ కంపెనీల డైరెక్టర్లకు, కంపెనీ సెక్రటరీలకు,

నమస్కారం. నేను ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు అకౌంట్స్ చెప్తాను. మీలో కొన్ని కంపెనీల షేర్లు నా దగ్గర కొద్దిగా ఉన్నాయి. ఎక్కువేం కాదు గానీ, వార్షిక నివేదిక తెరిచి ప్రశ్న అడిగే హక్కు ఒక్క షేరుకైనా ఉంటుంది కదా.

ఈ ఏడాది ఫైనలియర్ పిల్లలకు ఒక పని ఇచ్చాను. మన చుట్టుపక్కల ప్లాంటు ఉన్న ఏదో ఒక కంపెనీని తీసుకోండి, అది రాజకీయ పార్టీలకు విరాళం ఇచ్చిందా, ఇస్తే ఎంత, ఏ పార్టీకి అన్నది దాని సొంత లెక్కల్లోనే వెతికి పట్టుకురండి అన్నాను. మర్నాడే ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు ఫోన్‌లో పీడీఎఫ్ చూపించి, "సార్, మూడొందల పేజీలుంది, యాడ చూడల్ల?" అన్నాడు. ఈ లేఖలో సగం వాడికి జవాబు. మిగతా సగం మీకు ఫిర్యాదు.

ముందు చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో చెప్తాను, మీకు తెలిసిందే అయినా. 2013 కంపెనీల చట్టంలో 182వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ కంపెనీలు, పుట్టి మూడు ఆర్థిక సంవత్సరాలు నిండని కంపెనీలు తప్ప మిగతావి పార్టీలకు విరాళం ఇవ్వొచ్చు. దానికి బోర్డు సమావేశంలో తీర్మానం కావాలి. ఇచ్చింది నగదుగా ఇవ్వకూడదు. గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో ఏడున్నర శాతం దాటకూడదు. ఇచ్చిన సంవత్సరం లాభనష్టాల ఖాతాలో మొత్తాన్నీ, పార్టీ పేరునూ చూపాలి. తప్పితే కంపెనీకి విరాళానికి ఐదు రెట్ల వరకు జరిమానా, బాధ్యులైన అధికారులకు ఆ జరిమానాతో పాటు ఆరు నెలల వరకు జైలు.

మధ్యలో ఒక మలుపు జరిగింది. 2017 ఫైనాన్స్ చట్టంతో ఆ ఏడున్నర శాతం పరిమితినీ, పేరు చెప్పాలన్న నియమాన్నీ తీసేశారు. మొత్తం చెప్తే చాలన్నారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్లతో పాటు ఈ సవరణలనూ కొట్టేసింది. కాబట్టి 2022-23 నివేదికలో పార్టీ పేరు లేకపోతే అది మీ తప్పు కాదు, అప్పటి చట్టం అలా ఉంది. 2024-25 నివేదికలో లేకపోతే మాత్రం జవాబు చెప్పాలి. పాత నివేదికను చూసి "దాచారు" అనడం, కొత్త నివేదికను చూసి "అవసరం లేదేమో" అనుకోవడం, రెండూ సరికాదని పిల్లలకు ముందే చెప్పాను.

ఇక ఎక్కడ చూడాలన్న సంగతి. చాలామంది నేరుగా డైరెక్టర్ల నివేదికకో, సీఎస్ఆర్ అనుబంధానికో పోతారు. సీఎస్ఆర్‌లో దొరకదు, ఎందుకంటే పార్టీకి ఇచ్చిన డబ్బు సీఎస్ఆర్ కింద లెక్కకు రాదని ఆ నిబంధనల్లోనే ఉంది. ఛైర్మన్ గారి లేఖలో అసలే ఉండదు. చూడాల్సింది ఆర్థిక నివేదికల వెనక వచ్చే నోట్స్. లాభనష్టాల ఖాతాలో "ఇతర ఖర్చులు" అన్న వరుస పక్కన ఒక నోట్ నంబరు ఉంటుంది. ఆ నోట్ తెరిస్తే కరెంటు, రిపేర్లు, రవాణా, అద్దె, ఇన్సూరెన్స్, ఆడిటర్ ఫీజు అని వరుసగా వస్తాయి. విరాళం అక్కడ సొంత వరుసగా ఉండొచ్చు, లేదా పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యంగా ఉండొచ్చు. పీడీఎఫ్‌లో వెతికేటప్పుడు ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. నేను పిల్లలకు రాసిచ్చిన మాటలివి:

```
political
electoral
section 182
donation
contribution
```

"contribution" అని వెతికితే ప్రావిడెంట్ ఫండ్ దగ్గర బోలెడన్ని తగులుతాయి, వాటిని దాటుకుంటూ పోవాలి. ఒక్క మాటా దొరకకపోతే పేజీ స్కాన్ చేసిన బొమ్మేమో చూసుకోవాలి, ఎందుకంటే బొమ్మలో అక్షరాలు వెతుకులాటకు చిక్కవు. కంపెనీల మంత్రిత్వ శాఖ పోర్టల్లో View Public Documents కింద కంపెనీకి 100 రూపాయలు కట్టి తెచ్చుకునే, కంపెనీలు ఏటా లెక్కలు దాఖలు చేసే AOC-4 ఫారం జతల్లో ఇలాంటి స్కాన్లు ఎక్కువ. లిస్టెడ్ కంపెనీ అయితే స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్లలో వార్షిక నివేదిక ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి ఆ వంద మిగుల్చుకోవచ్చు. అన్‌లిస్టెడ్ కంపెనీకైతే పోర్టలే దారి.

బాగా రాస్తే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను, మన జిల్లాలది కాదు. 2018-19లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తన ఇతర ఖర్చుల్లో 220 కోట్లు ఎలక్టోరల్ ట్రస్టుకు ఇచ్చినట్టు చూపింది. ఆ ఏడాది ఆ కంపెనీ ఆదాయం సుమారు 1.46 లక్షల కోట్లు. మీ ఆడిటర్లు తరచూ చెప్పే షెడ్యూల్ త్రీ రూల్ ఒకటుంది కదా, ఆదాయంలో ఒక శాతం గానీ పది లక్షలు గానీ, ఏది ఎక్కువైతే అంతకు మించిన ఖర్చునే విడిగా చూపాలి అని. ఆ లెక్కన టీసీఎస్‌కు ఆ గీత 1,460 కోట్ల పైన ఉంటుంది. 220 కోట్లు దానికి చాలా కింద. ఒక్క షెడ్యూల్ త్రీనే పట్టుకుని కూర్చుంటే 220 కోట్లనూ "ఇతరత్రా"లో కలిపేయొచ్చు. కానీ 182వ సెక్షన్‌కు అలాంటి గీత ఏదీ లేదు. లక్ష ఇచ్చినా చెప్పాలి, వంద కోట్లిచ్చినా చెప్పాలి.

నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. మీలో ఒక కంపెనీకి మెయిల్ రాశాను, పేరు ఇక్కడ అనవసరం. ఇతర ఖర్చుల నోట్‌లో చివరి వరుస "ఇతరత్రా ఖర్చులు", అందులో కోట్లలో అంకె. దాంట్లో రాజకీయ విరాళం ఏమైనా ఉందా అని అడిగాను. "అన్ని మెటీరియల్ అంశాలూ నివేదికలో ఉన్నాయి" అని ఒకే వాక్యం జవాబు వచ్చింది. ఆడిటర్ల భాషలో మెటీరియల్ అంటే లెక్కలు చదివేవాడి అంచనాను మార్చేంత పెద్దది. నేను అడిగింది అది కాదు. మూడు వేల కోట్ల టర్నోవరున్న కంపెనీకి ఒక శాతం అంటే ముప్పై కోట్లు. రెండు కోట్ల విరాళం ఆ లెక్కలో చిన్నదే. కానీ మన నియోజకవర్గంలో ఒక పార్టీకి రెండు కోట్లు చిన్న సంగతా? 182 కింద చెప్పాల్సినదానికి ఆడిటర్ వాడే మెటీరియాలిటీ కొలబద్ద వర్తించదు. ఆ రెండు నియమాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకటి లెక్కలు చదివేవాడు మోసపోకుండా చూస్తుంది, రెండోది ఓటు వేసేవాడికి తెలియాల్సింది చెప్తుంది.

టీసీఎస్ ఉదాహరణలో ఇంకో పాఠం ఉంది. డబ్బు పార్టీకి నేరుగా పోలేదు, ట్రస్టుకు పోయింది. ఎలక్టోరల్ ట్రస్టు అంటే కంపెనీల దగ్గర విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచేందుకు 2013 పథకం కింద పెట్టిన కంపెనీ. వచ్చినదాంట్లో కనీసం 95 శాతం అదే ఏడాది పంచేయాలి. 2013 డిసెంబరులో కంపెనీల మంత్రిత్వ శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది: ట్రస్టుకు ఇచ్చే కంపెనీ ఎంత ఇచ్చిందో తన లెక్కల్లో చెప్తే చాలు, ఏ పార్టీకి పోయిందో ట్రస్టు తన లెక్కల్లో చెప్పుకుంటుంది అని. అందుకని మీ నోట్‌లో "ఎలక్టోరల్ ట్రస్టుకు" అని ఉంటే అక్కడితో ఆగకుండా ఆ ట్రస్టు ఎన్నికల సంఘానికి ఇచ్చిన నివేదిక తెరవాలి. టాటా గ్రూపుకు చెందిన ప్రోగ్రెసివ్ ఎలక్టోరల్ ట్రస్టు 2018-19లో బీజేపీకి 356 కోట్లు, కాంగ్రెస్‌కు సుమారు 55 కోట్లు ఇచ్చింది. అయితే ఇచ్చిన కంపెనీల పట్టిక ఒకటి, పుచ్చుకున్న పార్టీల పట్టిక ఇంకొకటి. ఏ కంపెనీ రూపాయి ఏ పార్టీ చేతికి వెళ్లిందో వాటిని పక్కపక్కన పెట్టుకున్నా తేలదు. "టీసీఎస్ ఫలానా పార్టీకి ఇన్ని కోట్లిచ్చింది" అని ఎవరైనా రాస్తే నమ్మొద్దని పిల్లలకు చెప్పాను. ఆ మాట ఆ కాగితాల్లో లేదు.

కనీసం ట్రస్టు పేరైనా రాయండి. "ఒక ఎలక్టోరల్ ట్రస్టుకు" అని వదిలేస్తే చదివేవాడు ఎన్నికల సంఘం సైట్లో ఉన్న ట్రస్టుల నివేదికలన్నీ తిరగేసుకోవాలి. పేరు రాయడానికి మీకు ఒక లైను ఖర్చు.

నేరుగా పార్టీకి ఇచ్చినదాన్ని పట్టుకోవడానికి అవతలి వైపు నుంచి కూడా ఒక దారి ఉంది. 20,000 రూపాయలు దాటిన ప్రతి విరాళాన్నీ పార్టీలు ఏటా ఫారం 24ఎలో ఎన్నికల సంఘానికి చెప్పాలి. ఇచ్చినవారి పేరు, చిరునామా, మొత్తం అందులో ఉంటాయి. మా పిల్లలు మొదట "Kadapa", "Kurnool" అని వెతికి ఏమీ దొరకలేదన్నారు. దొరకదు మరి. సున్నపురాయి ఇక్కడిదే గానీ చిరునామా హైదరాబాదుదో, ముంబైదో, చెన్నైదో ఉంటుంది. ఊరు పేరుతో కాదు, కంపెనీ పూర్తి పేరుతో వెతకాలి. ఇంకో చిక్కు తేదీలది. మార్చి 30న మీరు ఇచ్చిన చెక్కు పార్టీ ఖాతాలో ఏప్రిల్‌లో పడితే, మీ నివేదికలో ఒక ఏడాది, వాళ్ల నివేదికలో మరో ఏడాది కనిపించొచ్చు. అందుకే పక్క ఏడాది కూడా చూసి గానీ అంకె కలవలేదని అనకూడదు.

బాండ్ల కాలానికి ఇంకో పుస్తకం ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో స్టేట్ బ్యాంకు ఇచ్చిన వివరాలను ఎన్నికల సంఘం 2024 మార్చిలో పెట్టింది. కొన్నవారి జాబితా ఒకటి, నగదు చేసుకున్న పార్టీల జాబితా ఒకటి. మొదట అవి రెండూ విడివిడిగా ఉండేవి, తర్వాత బాండు నంబర్లు కూడా వచ్చాక ఒకదాన్ని ఇంకొకదానికి కలపడం సాధ్యమైంది. అందులో 2019 ఏప్రిల్ 12 నుంచి కొన్న బాండ్లే ఉన్నాయి, అంతకుముందువి లేవు. మీ పాత నివేదికలో "ఎలక్టోరల్ బాండ్లు" అని మొత్తం మాత్రమే ఉంటే, పార్టీ పేరును మేమే ఆ నంబర్లతో నింపుకోగలం. ఒక పిల్లది అలా నింపుకొచ్చింది కూడా. ఒకే రోజు, ఒకే కంపెనీ, కోటి రూపాయల బాండ్లు వరుస నంబర్లలో, పార్టీ జాబితాలోనూ అదే వరుసలో. కంపెనీ చెప్పని పేరును తనే చదివి చెప్పింది.

కొందరి దగ్గర వెతికేందుకే ఏమీ ఉండదన్న సంగతి కూడా చెప్పాలి. మంగంపేట బెరైటీస్ తవ్వే ఏపీఎండీసీ ప్రభుత్వ కంపెనీ, పార్టీలకు ఇవ్వకూడదు, కాబట్టి వెతకనక్కర్లేదు. తాడిపత్రి నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, బేతంచెర్ల బండల వ్యాపారులు చాలావరకు భాగస్వామ్య సంస్థలో, సొంత వ్యాపారాలో. వాళ్లకు 182 వర్తించదు, ఇచ్చినా ఇవ్వకున్నా బయటి కంటికి తెలిసేది పార్టీల ఫారం 24ఎ లాంటి అవతలి వైపు లెక్కల్లోనే.

మీ దగ్గరికే తిరిగి వస్తే, మీ నివేదికలో ఇతర ఖర్చుల నోట్ ఒకటి కాదు, రెండు. కంపెనీ ఒక్కదానివే అయిన స్టాండలోన్ లెక్కల్లో ఒకటి, అనుబంధ కంపెనీలతో కలిపిన కన్సాలిడేటెడ్‌లో ఒకటి. మాతృ కంపెనీ ఏమీ ఇవ్వకపోయినా అనుబంధ కంపెనీ ఇచ్చి ఉండొచ్చు. కన్సాలిడేటెడ్‌లో విరాళం ఐదు కోట్లు, స్టాండలోన్‌లో రెండు కోట్లు కనిపిస్తే, మిగతా మూడు కోట్లు ఏదో పిల్ల కంపెనీ ఇచ్చిందని అర్థం. అనుబంధ కంపెనీల విడి లెక్కలను లిస్టెడ్ కంపెనీ తన వెబ్‌సైట్లో పెట్టాలని చట్టం 136వ సెక్షన్‌లో ఉంది. అవి తెరిస్తే ఎవరిచ్చారో తేలిపోతుంది. మన వైపు సోలార్, గాలిమరల ప్రాజెక్టులు ఒక్కొక్కటి ఒక్కో కంపెనీ పేరు మీద నడుస్తాయి కాబట్టి ఈ పని మరీ అవసరం. వాటిలో కొన్నిటికి వెబ్‌సైట్ లింకు నొక్కితే పేజీ లేదని వస్తుంది. సరిచేయించండి.

పరిమితి లెక్క కూడా చేయించాను. ఉదాహరణకు ఒక కంపెనీకి గత మూడేళ్ల లాభం 40, 50, 60 కోట్లు అనుకుందాం. సగటు 50. అందులో ఏడున్నర శాతం మూడు కోట్ల డెబ్బై ఐదు లక్షలు. విరాళం దానికి దగ్గర్లో ఉంటే మేము మరింత జాగ్రత్తగా చూస్తాం. మూడేళ్ల సగటు నష్టమే అయిన కంపెనీకైతే ఇచ్చేందుకు వీలే లేదు.

బోర్డు తీర్మానం సంగతి ఒకటి మిగిలింది. పబ్లిక్ కంపెనీ రాజకీయ విరాళానికి చేసిన తీర్మానాన్ని MGT-14 అనే ఫారంలో కంపెనీల రిజిస్ట్రార్‌కు పంపాలి. పోర్టల్లో అది చూసుకోవచ్చు కదా అని ఆశపడేవాళ్లు ఉంటారు. కుదరదు. ఆ రకం బోర్డు తీర్మానాలను ఎవరూ తనిఖీ చేయకూడదని చట్టంలో 117వ సెక్షనే తలుపు మూసింది. కాగితం రిజిస్ట్రార్ దగ్గర ఉంటుంది గానీ మన కంట పడదు. అందువల్లే లాభనష్టాల ఖాతాలో ఆ ఒక్క లైను అంత ముఖ్యం. బయటి మనిషికి కంపెనీ వైపు నుంచి ఉన్న కిటికీ అదొక్కటే, దాన్నీ "ఇతరత్రా"తో మూస్తే ఎట్లా?

ఇంకో చోటు కూడా మీరు మర్చిపోతుంటారు. పార్టీ సావనీర్లో మీరు వేసే ప్రకటన. మహానాడుకో ప్లీనరీకో తెచ్చే ప్రత్యేక సంచికలో ఫుల్ పేజీ శుభాకాంక్షలు వేసి, ఆ డబ్బును ప్రకటనల ఖర్చులో రాసేయడం అలవాటు. పార్టీ తరఫున లేదా దాని లాభం కోసం వచ్చే అలాంటి ప్రచురణలో ప్రకటనను విరాళంగానే చూడాలని 182 సెక్షనే చెప్తోంది. ఆదాయపన్ను ఆడిట్ ఫారం 3సీడీలో ఈ ప్రకటనల కోసం విడిగా ఒక గడి ఉంది, అంటే మీ ఆడిటర్‌కు ఆ అంకె తెలుసు. మాకు ఆ ఫారం కనిపించదు. కాబట్టి ఆ మొత్తాన్నీ విరాళాల వరుసలో కలిపి చూపండి.

నేను అడిగేది ఇంతే. వచ్చే వార్షిక నివేదికలో ఇతర ఖర్చుల నోట్ కింద ఒక వాక్యం పెట్టండి: ఈ ఏడాది 182వ సెక్షన్ కింద ఏ పార్టీకి ఎంత, ఏ ట్రస్టుకు ఎంత, సావనీర్ ప్రకటనలతో కలిపి. ఏమీ ఇవ్వకపోతే "ఏ పార్టీకీ, ఏ ట్రస్టుకూ ఏమీ ఇవ్వలేదు" అని రాయండి. ఇప్పుడు నివేదికలో ఏమీ కనిపించకపోతే ఇవ్వలేదని అనుకోవాలా, ఇచ్చి ఇతరత్రాలో కలిపారని అనుకోవాలా అన్నది తేలడం లేదు. ఆ వాక్యం లేకపోవడం వల్ల నిజంగా ఇవ్వని కంపెనీకి కూడా అనుమానం అంటుతోంది. మా పిల్లల పట్టికలో అలాంటి కంపెనీల ఎదురుగా "తెలియదు" అని రాయాల్సి వచ్చింది.

వార్షిక సమావేశాలు ఇప్పుడు చాలావరకు వీడియోలోనే జరుగుతున్నాయి కదా, వక్తగా పేరు నమోదు చేసుకుంటాను. ప్రశ్న ముందుగానే మెయిల్‌లో పంపుతాను, అదే ఇక్కడ రాస్తున్నాను: "ఇతర ఖర్చుల నోట్‌లోని ఇతరత్రా వరుసలో, స్టాండలోన్‌లోనూ కన్సాలిడేటెడ్‌లోనూ, 182వ సెక్షన్ కింద వచ్చే మొత్తం ఏదైనా ఉందా? ఉంటే ఎంత, పుచ్చుకున్నవారి పేరేమిటి, ఏ తేదీ బోర్డు సమావేశంలో ఆమోదించారు?" జవాబు సమావేశంలో మాటగా కాకుండా, రాతపూర్వకంగా నా మెయిల్‌కు పంపండి.

ఇట్లు,
ప్రొద్దుటూరు నుంచి ఒక కామర్స్ లెక్చరర్, మీ షేర్‌హోల్డర్